థర్మల్ బిల్లు మీద తెలుగు అక్షరం చెదరకుండా: సన్నగీతలు మాయం కాని ఫాంటును ఎంచుకునే పద్ధతి

కిరాణా దుకాణాల్లోనూ మందుల షాపుల్లోనూ కనిపించే చిన్న థర్మల్ ప్రింటరు మీద తెలుగులో బిల్లు తీస్తే, కంప్యూటర్ తెర మీద నిండుగా కనిపించిన అక్షరం కాగితం మీద అక్కడక్కడా తెగిపోయి వస్తుంది. తలకట్టు అక్షరం నుంచి విడిపోతుంది, గుడి పైభాగం ఎగిరిపోతుంది, ఒత్తు తోక సగంలో ఆగిపోతుంది. అందం తగ్గడంతోనే ఇది ఆగదు. ‘ధ’ కిందనున్న చిన్న గీత పోతే అది ‘ద’ అవుతుంది, ‘ఫ’ది పోతే ‘ప’ అవుతుంది, గుడిదీర్ఘం కొస పోతే ‘కీ’ కాస్తా ‘కి’గా మిగులుతుంది. ప్రింటరు నాసిరకమని చాలామంది అక్కడితో వదిలేస్తారు. నిజానికి ఇందులో ఎక్కువ భాగం ఫాంటు ఎంపికతోనూ, ఆ ఫాంటును చుక్కలుగా మార్చే పద్ధతితోనూ సరిదిద్దగలిగినదే.

ఈ మార్గదర్శిలో ప్రధానంగా 58 మిల్లీమీటర్ల కాగితం వాడే 203 డీపీఐ ప్రింటరునే ఉదాహరణగా తీసుకుంటాను. చివరలో ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ తెరల విషయానికి వస్తాను, ఎందుకంటే అక్కడ సమస్య పైకి ఇలాగే కనిపించినా పరిష్కారం కొంత వేరుగా ఉంటుంది.

మొదటి మెట్టు: ప్రింటరు ఎన్ని చుక్కలు వేయగలదో తెలుసుకోవడం

థర్మల్ ప్రింటరు తలలో వేడెక్కే అతిచిన్న బిందువులు ఒకే వరసలో ఉంటాయి. కాగితం వాటిని తాకుతూ కదులుతుంది. బిందువు వేడెక్కిన చోట కాగితం మీది రసాయన పూత నల్లబడుతుంది, వేడెక్కని చోట తెల్లగానే ఉండిపోతుంది. 203 డీపీఐ అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలు, అంటే ఒక్కో చుక్క 0.125 మిల్లీమీటర్లు. 58 మిల్లీమీటర్ల కాగితం మీద సాధారణంగా 48 మిల్లీమీటర్ల మేర మాత్రమే అచ్చవుతుంది కాబట్టి అడ్డంగా 384 చుక్కలు దొరుకుతాయి. 80 మిల్లీమీటర్ల కాగితం వాడే వాటిలో 72 మిల్లీమీటర్లకు 576 చుక్కలు ఉంటాయి. ఫాంటు గురించి మనం వేసే లెక్కలన్నీ ఈ చుక్కల్లోనే వేయాలి. పాయింట్లలో ఆలోచించే అలవాటు ఉన్నవారు ఒక పాయింటుకు సుమారు 2.8 చుక్కలని గుర్తుంచుకుంటే చాలు, అంటే 10 పాయింట్ల అక్షరం దాదాపు 28 చుక్కల అక్షరం.

ఫాంటు జోలికి వెళ్లకముందే ఈ ప్రింటరు ఎంత సన్నని గీతను నిలబెట్టగలదో కళ్లారా చూడాలి. ఒకటి, రెండు, మూడు చుక్కల మందంతో నిలువు గీతలూ అడ్డగీతలూ గీసిన చిత్రాన్ని పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో తయారుచేసి, ఏ మార్పూ లేకుండా ప్రింటరుకు పంపండి.

```python
from PIL import Image, ImageDraw
im = Image.new("1", (384, 120), 1)
d = ImageDraw.Draw(im)
for i, w in enumerate((1, 2, 3)):
    d.rectangle((20 + 40*i, 0, 19 + 40*i + w, 119), fill=0)
    d.rectangle((160, 20 + 30*i, 360, 19 + 30*i + w), fill=0)
im.save("lines.png")
```

అచ్చయిన కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుని చూడండి. ఒక చుక్క గీత తరచుగా బూడిదరంగులోనో, మధ్యమధ్య తెగిపోయో కనిపిస్తుంది. చుట్టూ చల్లగా ఉన్న బిందువుల మధ్య ఒంటరిగా వేడెక్కే బిందువు తన వేడిని పక్కలకు పోగొట్టుకోవడం దీనికి ఒక కారణం. రెండు బిందువులు పక్కపక్కనే వేడెక్కినప్పుడు ఒకదానికొకటి తోడై నలుపు నిలుస్తుంది. ఇంకో కారణం తల అరుగుదల. వాడకంలో ఏదైనా ఒక బిందువు పూర్తిగా చెడిపోతే కాగితం పొడవునా సన్నని తెల్లగీత పడుతుంది. ఒక చుక్క మందం ఉన్న నిలువు గీత సరిగ్గా ఆ బిందువు మీద పడితే పూర్తిగా మాయమవుతుంది, రెండు చుక్కల గీత అయితే సగమైనా మిగులుతుంది. అందుకే బిల్లు మీద ఏ గీత అయినా కనీసం రెండు చుక్కలు ఉండాలన్న నియమాన్ని నేను గట్టిగా పట్టుకుంటాను. మీ కాగితం మీద ఒక చుక్క గీత చక్కగా వచ్చినా సరే, ఆరు నెలలు వాడిన తల మీదా, చార్జింగ్ తగ్గిన చేతి ప్రింటరు మీదా అది అలాగే వస్తుందని అనుకోకండి.

ఇదే కాగితం మీద తెల్ల ఖాళీలనూ పరీక్షించాలి. నల్లని పట్టీ మధ్యలో ఒకటి, రెండు, మూడు చుక్కల వెడల్పుతో తెల్లగీతలు వదిలి అచ్చు తీయండి. వేడి పక్కలకు పాకడం వల్ల ఒక చుక్క ఖాళీ చాలాసార్లు పూడిపోతుంది. తెలుగు అక్షరాల్లో సున్నాలు, ముడులు ఎక్కువ కాబట్టి గీత మందం ఎంత ముఖ్యమో ఈ ఖాళీ కూడా అంతే ముఖ్యం.

రెండో మెట్టు: గీత ఎక్కడ పోతున్నదో అర్థం చేసుకోవడం

చాలా సందర్భాల్లో గీత కాగితం దాకా వెళ్లకముందే, అక్షరాన్ని చుక్కలుగా మార్చే దశలోనే పోతుంది. ఫాంటులో అక్షరం వంపులతో గీసిన ఆకారంగా ఉంటుంది. దాన్ని గడుల మీద పరచినప్పుడు ఒక్కో గడి ఎంత మేరకు నిండిందన్న లెక్క వస్తుంది. తెర మీద ఆ లెక్కను బూడిదరంగు ఛాయలుగా చూపించవచ్చు. ప్రింటరుకు ఛాయలు లేవు, ఉన్నది నలుపూ తెలుపే. కాబట్టి ఎంత నిండితే నల్లచుక్క వేయాలన్న హద్దును ఎవరో ఒకరు నిర్ణయించాలి. మామూలుగా ఆ హద్దు సగం, అంటే 50 శాతం.

0.9 చుక్క మందం ఉన్న గీత సరిగ్గా రెండు గడుల మధ్య పడిందనుకోండి. ఒక్కో గడి 45 శాతమే నిండుతుంది. రెండూ హద్దు దాటవు కాబట్టి రెండూ తెల్లగా మిగిలి, గీత పూర్తిగా అదృశ్యమవుతుంది. అదే గీత కొంచెం పక్కకు జరిగి ఒకే గడిలో పడితే నల్లచుక్కగా వస్తుంది. ఒకే అక్షరం బిల్లులో ఒకచోట బాగుండి మరోచోట తెగిపోవడానికి కారణం ఇదే. కొంచెం మందమైన గీతకూ ఇలాంటి చిక్కే ఉంది. 1.4 చుక్కల గీత పడే చోటును బట్టి ఒకసారి రెండు చుక్కలుగా, మరోసారి ఒకే చుక్కగా వస్తుంది కాబట్టి పదమంతా మచ్చలు పడినట్టు కనిపిస్తుంది.

దీన్నుంచి ఒక సులభమైన సూత్రం వస్తుంది. హద్దును t అనుకుంటే, గీత ఎక్కడ పడినా కనీసం రెండు చుక్కలు రావాలంటే దాని మందం ఇంత ఉండాలి:

```
w >= 1 + 2*t
```

హద్దు 50 శాతమైతే మందం 2 చుక్కలు కావాలి. హద్దును 35 శాతానికి దించితే 1.7 చుక్కలు చాలు. ఇది నిటారు గీతలకు వేసిన లెక్క. వంపుల్లో కొంత తేడా వచ్చినా ఎంపికకు ఈ అంచనా సరిపోతుంది. హద్దు దించినప్పుడు నలుపు లాభపడినంత మేర తెలుపు నష్టపోతుంది. 35 శాతం హద్దు దగ్గర ఒక ఖాళీ ఎక్కడ పడినా రెండు తెల్లచుక్కలు మిగలాలంటే ఆ ఖాళీ 2.3 చుక్కల వెడల్పు ఉండాలి. ఫాంటు ఎంపిక ఈ రెండు అంకెల మధ్య బేరమే.

మూడో మెట్టు: ఫాంటులో అతి సన్నని చోటును కొలవడం

ఫాంటు పేరులో ‘బోల్డ్’ అని ఉన్నంత మాత్రాన చాలదు. దానిలో అతి సన్నని గీత ఎక్కడుందో వెతకాలి. అక్షరాన్ని 1000 పిక్సెళ్ల పరిమాణంలో చిత్రంగా గీసి, ఏదైనా బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కొలిస్తే, వచ్చిన పిక్సెళ్లే ఫాంటు పరిమాణంలో వెయ్యో వంతులవుతాయి. కొలవవలసిన చోట్లు కొన్నే ఉన్నాయి: తలకట్టు మొదలయ్యే కొస, గుడి పైవంపు, గుడిదీర్ఘం మెలిక, ‘ధ’, ‘ఫ’, ‘ఛ’ల కింది చిన్న గీత, ‘థ’ లోపలి చుక్క, ర-ఒత్తు, త-ఒత్తు కొసలు. కొన్ని ఫాంట్లలో ఒత్తులు పెద్ద అక్షరాన్నే కుదించినట్టుగా ఉండి, వాటి గీత అసలు అక్షరం గీతకన్నా సన్నగా ఉంటుంది. అలాంటి ఫాంటు తెర మీద ఎంత ముద్దుగా ఉన్నా బిల్లుకు పనికిరాదు.

ఒక ఫాంటులో అతి సన్నని గీత 70 వచ్చిందనుకుందాం. 28 చుక్కల పరిమాణంలో ఆ గీత 70 × 28 ÷ 1000, అంటే 1.96 చుక్కలు. 50 శాతం హద్దుతో ఇది అంచు మీద నిలబడుతుంది, 35 శాతం హద్దుతో నిశ్చింతగా ఉంటుంది. తిరగేసి అడిగితే, 35 శాతం హద్దుతో ఈ ఫాంటును ఎంతవరకు చిన్నది చేయవచ్చు? 1.7 × 1000 ÷ 70, అంటే 24.3. కాబట్టి 25 చుక్కలకు తగ్గకూడదు. అదే సన్నని గీత 40 ఉన్న ఫాంటుకు ఈ లెక్క 42.5 చుక్కలు ఇస్తుంది. అది సరుకుల పేర్లకు కాదు, దుకాణం పేరుకు వాడే పరిమాణం. ఇంత చిన్న లెక్కతో సగం ఫాంట్లను అచ్చు తీయకుండానే పక్కన పెట్టవచ్చు.

నాలుగో మెట్టు: మందాన్ని ఎంచుకోవడం, ఎక్కువ మందానికి లొంగిపోకపోవడం

గీతలు పోతున్నాయని తెలియగానే అందరి చెయ్యీ బోల్డ్ మీదికే వెళుతుంది. తెలుగు విషయంలో ఇది తరచుగా రెండో తప్పు. లిపిలో నిటారు గీతలు తక్కువ, మూసుకున్న సున్నాలూ ఇరుకైన ముడులూ ఎక్కువ. గీత మందమైన కొద్దీ ‘ఠ’, ‘థ’ లోపలి చుక్క చుట్టూ ఉన్న ఖాళీ, ‘ఘ’, ‘ఝ’లలోని సందులు, గుడి లోపలి తెలుపు పూడిపోతాయి. గుడి పూడితే అది గుడో గుడిదీర్ఘమో తెలియదు. ‘థ’ లోపల నిండిపోతే ‘ధ’తో తేడా పోతుంది. గీత పోవడం వల్ల వచ్చిన గందరగోళమే ఖాళీ పోవడం వల్లా వస్తుందన్నమాట.

అందువల్ల నా మొదటి ఎంపిక రెగ్యులర్‌కూ బోల్డ్‌కూ మధ్యనుండే మీడియం, సెమీబోల్డ్ మందాలు. ఇవి దొరికే ఫాంట్లు తెలుగులో కొన్ని ఉన్నాయి. నోటో శాన్స్ తెలుగు అతిసన్నం నుంచి అతిమందం దాకా అన్ని మెట్లలోనూ దొరుకుతుంది. హింద్ గుంటూరులో లైట్ నుంచి బోల్డ్ దాకా ఉన్నాయి. అనేక్ తెలుగులో మందంతో పాటు అక్షరం వెడల్పునూ మార్చుకోవచ్చు. బిల్లు వరస ఇరుకు కదా అని సన్నని వెడల్పు వైపు మొగ్గకండి. అక్షరాన్ని అడ్డంగా నొక్కితే ముందు నష్టపోయేవి లోపలి ఖాళీలే. పేరు పట్టకపోతే రెండో వరసకు దింపడం మేలు.

రామభద్ర వంటి మందపాటి అలంకార ఫాంట్లు బిల్లు తలభాగంలో దుకాణం పేరుకు బాగుంటాయి, సరుకుల జాబితాకు కావు. నోటో సెరిఫ్ తెలుగులాగా గీత ఒకచోట మందంగా, మరోచోట సన్నగా సాగే ఫాంట్లను ఈ పనికి పూర్తిగా మినహాయించండి. పుస్తకంలో ఆ హెచ్చుతగ్గులు కంటికి హాయినిస్తాయి. బిల్లు మీద ఆ సన్నని భాగమే ముందు పోతుంది. మందలి చూడచక్కని ఫాంటే గాని ఒకే మందంలో వస్తుంది కాబట్టి సర్దుబాటుకు అవకాశం తక్కువ. ఇక్కడ చెప్పినవన్నీ స్వేచ్ఛగా వాడుకోవడానికి వీలిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో దొరికేవే. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా ఫాంట్లను మీ యంత్రంలో పెట్టి అమ్మదలిస్తే ముందుగా వాటి నిబంధనలు చూసుకోవాలి.

అంకెలను మరచిపోవద్దు. బిల్లులో గొడవ వచ్చేది పేరు దగ్గర కన్నా సొమ్ము దగ్గరే ఎక్కువ. 3, 8, 6, 9 అంకెల నోళ్లు పూడిపోకూడదు, 1కి 7కి తేడా స్పష్టంగా ఉండాలి, అన్ని అంకెలూ ఒకే వెడల్పులో ఉండాలి. లేకపోతే పైసల బిందువులు ఒకదాని కింద ఒకటి రావు.

ఐదో మెట్టు: అక్షరాన్ని చిత్రంగా మార్చడం

ఈ ప్రింటర్లలో లోపలే ఉండే అక్షరాలు సాధారణంగా 12 × 24 చుక్కల ఆంగ్ల అక్షరాలు. తెలుగులో అక్షరం పక్కన అక్షరం పేర్చితే సరిపోదు, గుణింతమూ ఒత్తులూ కలిసి ఆకారం మారాలి. కాబట్టి తెలుగు వరసను కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో చిత్రంగా తయారుచేసి పంపడమే నమ్మదగిన దారి. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో ఇలా చేయవచ్చు:

```python
from PIL import Image, ImageDraw, ImageFont, features
print(features.check("raqm"))
f = ImageFont.truetype("NotoSansTelugu-SemiBold.ttf", 28,
        layout_engine=ImageFont.Layout.RAQM)
im = Image.new("L", (384, 44), 255)
ImageDraw.Draw(im).text((0, 28), "మినపగుళ్లు", font=f,
        fill=0, anchor="ls", language="te")
bw = im.point(lambda p: 0 if p < 166 else 255, "1")
bw.save("line.png")
```

రెండో వరస `True` అని చూపించకపోతే మిగతా పని అనవసరం. అక్షరాలను కలిపే భాగం ఆ కంప్యూటర్‌లో లేదని అర్థం, ఒత్తు అక్షరం కిందికి పోకుండా పొల్లుతో విడిగా నిలబడుతుంది. చివర్లోని 166 అన్న అంకె మనం మాట్లాడుకున్న హద్దు. 255లో దాదాపు 65 శాతం కాబట్టి, 35 శాతం నిండిన గడి కూడా నల్లబడుతుంది. 128 పెడితే హద్దు 50 శాతం అవుతుంది. ఫాంటు మార్చకుండా అక్షరాన్ని కాస్త లావు చేయడానికీ, సన్నబరచడానికీ ఈ ఒక్క అంకె చాలు.

ఇక్కడ ఒక తప్పు చాలా ప్రోగ్రాముల్లో కనిపిస్తుంది. హద్దు పెట్టకుండా `convert("1")` అని రాస్తే, పిల్లో తనంతట తానుగా బూడిదరంగును చెదురు చుక్కలుగా మార్చేస్తుంది. ఫొటోలకు అది మంచి పద్ధతే. అక్షరాల అంచుల్లో మాత్రం దుమ్ము పడినట్టు ఒంటరి చుక్కలు వస్తాయి, ఒంటరి చుక్కలను నిలబెట్టడం థర్మల్ తలకు కష్టమని పైన చూశాం. అచ్చయిన గీత అంచు భూతద్దంలో రంపపు పళ్లలా కనబడితే ఈ చెదురు చుక్కలే కారణమని అనుమానించండి.

రెండో తప్పు చిత్రాన్ని మళ్లీ సాగదీయడం. బిల్లును పీడీఎఫ్‌గా తీసి, ప్రింటు చేసేటప్పుడు ‘పేజీకి సరిపోయేలా’ అన్న ఎంపికను వదిలేస్తే, డ్రైవరు దాన్ని కొన్ని శాతాలు కుదిస్తుంది. అప్పుడు చక్కగా రెండు చుక్కలున్న గీతలు కొన్నిచోట్ల ఒకటిగా మారతాయి. చిత్రం వెడల్పు సరిగ్గా 384 చుక్కలు ఉండాలి, ప్రింటరుకు నూరు శాతం పరిమాణంలోనే చేరాలి. అనుమానం ఉంటే మొదటి మెట్టులో చేసిన గీతల చిత్రాన్ని అదే దారిలో పంపి చూడండి. రెండు చుక్కల గీతలన్నీ సమానంగా రాకపోతే దారిలో ఎవరో చిత్రాన్ని కుదిస్తున్నారు.

ఆరో మెట్టు: ఒక బిల్లు వరసను పూర్తిగా అమర్చడం

384 చుక్కల్లో సరుకు పేరు, తూకం, ధర, మొత్తం అన్నీ ఒకే వరసలో ఇమిడ్చే ప్రయత్నమే అక్షరాలను చిన్నవి చేయిస్తుంది. నా సలహా ఏమిటంటే, పేరును ఒక వరసలో 28 చుక్కల పరిమాణంలో చిత్రంగా వేసి, దాని కింద తూకం, ధర, మొత్తాలను ప్రింటరు సొంత ఆంగ్ల అంకెలతో వేయాలి. ఆ అంకెలు 12 చుక్కల వెడల్పున వరసకు 32 పడతాయి. వాటిని ప్రింటరు కోసమే గీశారు కాబట్టి గీతలు తెగవు. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, చాలా ప్రింటర్ల లోపలి అక్షరాల్లో అది ఉండదు. మొత్తం సొమ్ము వరసను మాత్రం ‘రూ.’తో సహా చిత్రంగా వేసుకోవచ్చు.

పేరు వరస ఎత్తు 44 చుక్కలు ఎందుకంటే, 28 చుక్కల ఫాంటుకు గుడి కోసం పైన, ఒత్తు కోసం కింద చోటు కావాలి. పై ప్రోగ్రాములో అక్షరం నిలబడే అడుగు గీత 28వ చుక్క దగ్గర ఉంది, దాని కింద 16 చుక్కలు ఒత్తులకు మిగిలాయి. ఆంగ్ల బిల్లు నుంచి తెచ్చిన 30 చుక్కల వరసలోనే తెలుగును ఇరికిస్తే ఒత్తుల అడుగు తెగిపోతుంది. దాన్ని చూసి గీత పోయిందనుకుని ఫాంటు మార్చినా ప్రయోజనం ఉండదు. ఒత్తులన్నీ ఒకే ఎత్తు దగ్గర కోసినట్టు సమానంగా తెగితే అది వరస ఎత్తు సమస్య, ఒక్కో చోట ఒక్కో రకంగా తెగితే అది గీత మందం సమస్య.

ఈ వరసను పంపే ఆదేశం ఈఎస్‌సీ/పీఓఎస్ భాషలో ఇలా ఉంటుంది:

```
1D 76 30 00 30 00 2C 00
```

ఇందులో `30 00` అంటే వరసకు 48 బైట్లు, అంటే 384 చుక్కలు. `2C 00` అంటే 44 వరసలు. దాని వెనుక 2,112 బైట్ల చిత్రం వెళుతుంది. ఇందులో 1 అంటే నలుపు. పిల్లో చిత్రంలో 1 అంటే తెలుపు కాబట్టి తిరగేయడం మరచిపోతే నల్లపట్టీ మీద తెల్ల అక్షరాలు వస్తాయి. యూఎస్‌బీ మీద ఈ పరిమాణం లెక్కలోది కాదు గాని, 9600 బాడ్ వేగంతో సీరియల్ తీగ మీద నడిచే పాత ప్రింటరుకు ఒక్కో పేరుకు రెండు సెకన్లకు పైగా పడుతుంది. అలాంటి చోట ఫాంటు చిన్నది చేయకండి. ప్రింటరు ఒప్పుకుంటే వేగాన్ని పెంచండి, లేదా పేరు ముగిసిన చోటే చిత్రం వెడల్పును ఆపండి.

ఏడో మెట్టు: సరైన పదాలతో పరీక్షించడం

వర్ణమాల అచ్చు వేసి బాగుందనుకోవడం చాలదు, ఎందుకంటే తెగిపోయేవి గుణింతాలూ ఒత్తులూ. దుకాణంలో నిజంగా అమ్మే వస్తువుల పేర్లతోనే పరీక్ష కాగితం తయారుచేయండి. ధనియాలు, ఫినాయిల్ ఉంటే కింది గీతలు తేలిపోతాయి. జీలకర్ర, కొబ్బరినూనె ర-ఒత్తునూ బ-ఒత్తునూ చూపిస్తాయి. మినపగుళ్లు, అగరొత్తులు, ఉప్మా రవ్వ తక్కిన ఒత్తులకు సరిపోతాయి. స్ట్రాబెర్రీలో ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు వస్తాయి కాబట్టి వరస ఎత్తుకు అదే కఠినమైన పరీక్ష. వీటి పక్కనే ద-ధ, డ-ఢ, ప-ఫ, చ-ఛ, ర-ఠ, థ-ధ, కి-కీ, కె-కే జంటలను వేయండి.

ఈ కాగితాన్ని, బిల్లు తయారీతో సంబంధం లేని వ్యక్తికి ఇచ్చి చదివించాలి. తెలిసిన పదాన్ని కన్ను తనంతట తానే పూరించుకుంటుంది, ‘దనియాలు’ అని అచ్చయినా ‘ధనియాలు’ అనే చదువుతుంది. అందుకే జంటలను విడి అక్షరాలుగా, వరస మార్చి వేసి చదివించాలి. ఒక్క జంటలో తడబడినా ఆ మందమో పరిమాణమో సరిపోలేదని అర్థం.

తర్వాత అదే కాగితాన్ని కష్టమైన పరిస్థితుల్లో తీయాలి. ప్రింటరులో నలుపు సాంద్రతను తగ్గించి ఒకసారి, పెంచి మరొకసారి తీయండి. తగ్గించినప్పుడు గీతలు పోతే ఫాంటు సన్నగా ఉంది. పెంచినప్పుడు సున్నాలు పూడితే ఫాంటు లావుగా ఉంది. రెండు కొసల్లోనూ చదవగలిగిన మందమే మీకు కావలసింది. బ్యాటరీ ప్రింటరైతే చార్జింగ్ అడుగంటినప్పుడు కూడా తీసి చూడండి. చివరగా ఒక కాగితాన్ని కిటికీలో ఎండ తగిలేచోట కొన్ని రోజులు ఉంచండి, మరొకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. వేడి, వెలుతురు, కొన్ని ప్లాస్టిక్‌లలోని మెత్తదనం ఇచ్చే రసాయనాలు థర్మల్ నలుపును వెలిసిపోయేలా చేస్తాయి. వారంటీ కోసం దాచుకునే బిల్లుల్లో మొదట మాయమయ్యేవి సన్నగీతలే.

తెరల మీద లెక్క ఎలా మారుతుంది

ఎల్‌ఈడీ బోర్డు మీదా ఓఎల్‌ఈడీ తెర మీదా ప్రతి పిక్సెల్ పూర్తిగా వెలుగుతుంది, అది ఒంటరిదైనా సరే. కాబట్టి ఇక్కడ రెండు చుక్కల నియమం అవసరం లేదు, ఒక పిక్సెల్ గీత నిలుస్తుంది. గీత పోయేది చుక్కలుగా మార్చే దశలోనే. ఇంకో తేడా, నల్లని నేల మీద వెలిగే గీత దూరానికి అసలుకన్నా లావుగా కనిపించి పక్క ఖాళీని మింగుతుంది. అందువల్ల ప్రింటరుకు సెమీబోల్డ్ వైపు వెళ్లిన మనం తెరకు సన్నదనం వైపు రావాలి.

తెర మీద ముఖ్యమైనది సమానత్వం. మందం సరిగ్గా ఒక పిక్సెల్ దగ్గరో రెండు పిక్సెళ్ల దగ్గరో ఉండాలి, మధ్యలో ఉండకూడదు. 128 × 64 ఓఎల్‌ఈడీ తెర మీద రెండు తెలుగు వరసలు వేస్తే ఒక్కోదానికి 32 పిక్సెళ్ల ఎత్తు దొరుకుతుంది, ఒత్తులతో కలిపి 21 పిక్సెళ్ల ఫాంటు పడుతుంది. గీత 70 ఉన్న మందం అక్కడ 1.47 పిక్సెళ్లు వచ్చి మచ్చలుగా కనిపిస్తుంది. గీత 48 దగ్గరుండే లైట్ మందాన్ని తీసుకుని, హద్దును 50 శాతం దగ్గర ఉంచితే దాదాపు అంతటా ఒకే పిక్సెల్ గీత వస్తుంది. మిగిలిన కొద్ది లోపాలను చేత్తో దిద్దాలి.

16 వరసలే ఉండే పీ10 ఎల్‌ఈడీ పలక మీద మాత్రం మామూలు ఫాంటుతో పని జరగదని నిస్సంకోచంగా చెబుతాను. గుడీ ఒత్తూ పట్టాలంటే ఫాంటు 11 పిక్సెళ్లకు తగ్గాలి. 70 ఉన్న గీత కూడా అక్కడ 0.77 పిక్సెళ్లకు పడిపోతుంది, రెండు గడుల మధ్య పడిన ప్రతిచోటా తెగుతుంది. యూనిఫాంట్‌లో తెలుగుకు సిద్ధమైన చుక్కల అక్షరాలు ఉన్నాయి గాని, ఒత్తులను కలిపి చూపే ఏర్పాటు లేనందువల్ల పదాలకు అవి సరిపోవు. రెండు పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి 32 వరసలు చేసుకోవడం మొదటి మార్గం. అది కుదరకపోతే చూపించవలసిన పదాలను లెక్కించండి. బస్సు బోర్డుకైనా టోకెన్ బోర్డుకైనా ఆ జాబితా చిన్నదే. విజయవాడ, శ్రీకాకుళం, హన్మకొండ వంటి పేర్లను అక్షరాలుగా కాకుండా పూర్తి పదచిత్రాలుగా దాచుకుని, ఒక్కోదాన్ని చేత్తో దిద్దవచ్చు. 128 × 16 పదచిత్రానికి 256 బైట్లే పడతాయి. దిద్దేటప్పుడు ‘శ్రీ’లోని ర-ఒత్తును అక్షరం కిందికి పూర్తిగా దించకుండా ఎడమవైపుకు జరిపి, మధ్యలో ఒక వరస నల్లగా వదిలితే దూరానికి రెండూ విడివిడిగా తెలుస్తాయి.

ప్రింటరుకైనా తెరకైనా, ఒప్పుకున్న చిత్రాలను ఫాంటు ఫైలుతో పాటు భద్రపరచుకోండి. ఫాంటు కొత్త వెర్షన్‌కు మారినా, అక్షరాలను చుక్కలుగా మార్చే లైబ్రరీ మారినా 28 చుక్కల దగ్గర ఒకటి రెండు చుక్కలు అటూ ఇటూ జరగడం మామూలే. కొత్తగా తయారైన చిత్రాన్ని పాతదానితో చుక్క చుక్కకూ పోల్చే చిన్న పరీక్షను ప్రోగ్రాములో పెట్టుకుంటే, తేడా వచ్చిన పదాలను మాత్రమే మళ్లీ అచ్చు తీసి చూడవచ్చు.